రావట్లేదని చెప్పడానికి నాలుగు వాక్యాలు చాలు

ఆఫర్ లెటర్ వచ్చిన రోజు ఏం చేయాలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ముందు ఇంటికి ఫోన్. అమ్మ ఏడుస్తుంది, నాన్న ప్యాకేజీ ఎంతో రెండుసార్లు అడుగుతారు. తర్వాత వాట్సాప్ స్టేటస్, హాస్టల్ గ్రూపులో మెసేజి, రాత్రికి బిర్యానీ ట్రీటు. ఈ లిస్టులోకి ఎప్పుడూ ఎక్కని పని ఒకటుంది. అప్పటిదాకా అప్లై చేసి, టెస్టులు రాసి, ఒకటో రెండో రౌండ్లు దాటి కూర్చున్న మిగతా కంపెనీలకి "నేనిక రావట్లేదండీ" అని ఒక మాట చెప్పడం.

ఈ ఏడాది ప్లేస్‌మెంట్ సెల్‌లో స్టూడెంట్ కోఆర్డినేటర్‌గా పని చేస్తున్నాను కాబట్టి, ఆ ఒక్క మాట చెప్పకపోతే ఏమవుతుందో దగ్గర్నుంచి చూస్తున్నాను. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఒక ఆఫర్‌కి ఒప్పుకున్నాక, మన కోసం ఎవరైనా టైము పక్కన పెట్టుకున్న ప్రతి చోటా ఆ ఒకటి రెండు రోజుల్లోనే అప్లికేషన్ వెనక్కి తీసుకోవాలి. దానికి నాలుగు వాక్యాలు చాలు. కారణాల చిట్టా అక్కర్లేదు, క్షమాపణల దండకం అక్కర్లేదు. గౌరవమంతా రెండు విషయాల్లో ఉంటుంది: ఎంత తొందరగా చెప్పాం, ఎంత స్పష్టంగా చెప్పాం.

చెప్పకపోతే అవతల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ఒక కంపెనీకి రెండు పోస్టులున్నాయి అనుకోండి. టెస్టు రాసినవాళ్ళలోంచి తొమ్మిది మందిని ఇంటర్వ్యూకి పిలుస్తారు. పదో మనిషి పేరు కూడా హెచ్‌ఆర్ దగ్గర ఉంటుంది, కానీ అతనికి కబురు వెళ్ళదు. ఇంటర్వ్యూ తీసుకునేది హెచ్‌ఆర్ కాదు, ఆ టీములో పని చేసే ఇంజనీర్లు. ఇద్దరు తమ పని ఆపుకుని పదకొండింటికి మీటింగ్ లింకులో కూర్చుంటారు. మనవాడు రాడు. పది నిమిషాలు చూస్తారు. హెచ్‌ఆర్ ఫోన్ చేస్తే ఎత్తడు, ఎందుకంటే ఏం చెప్పాలో తెలీదు. ఆవిడ మా ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి ఫోన్ చేస్తారు, ఆయన నాకు చేస్తారు, నేను హాస్టల్ మెట్లెక్కుతాను. అక్కడ వాడి రూమ్మేటు తీరిగ్గా చెబుతాడు, "వాడికి వేరేది వచ్చేసింది కదరా, సోమవారమే."

సోమవారం వస్తే గురువారం దాకా ఎవరికీ తెలీలేదు. ఆ మూడు రోజుల్లో పదో మనిషిని పిలిచి ఉండేవాళ్ళు. ఆ పదో మనిషి చాలాసార్లు ఎక్కడో లేడు, మన పక్క సెక్షన్‌లోనే ఉన్నాడు. తన పేరు లిస్టులో తర్వాతే ఉందని అతనికి ఎప్పటికీ తెలీదు కాబట్టి ఎవరి మీదా కోపం కూడా రాదు. ఈ నష్టానికి కేకలుండవు, ఫిర్యాదుండదు. అందుకే మనకి అది నష్టంలా కనపడదు.

ఇక్కడ మీరు వేసే మొదటి ప్రశ్న నాకు తెలుసు. "కంపెనీలు మనకి చెబుతున్నాయా? మూడు రౌండ్లయ్యాక మాయమైపోతాయి. రిజెక్ట్ చేశామని ఒక మెయిల్ కూడా పెట్టవు. 2022లో పాసైన సీనియర్లలో ఎంతమంది ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని జాయినింగ్ డేట్ కోసం నెలల తరబడి ఎదురుచూశారు? వాళ్ళకి లేని మర్యాద మనకెందుకు?"

ఈ ప్రశ్నలో ఉన్న కోపం న్యాయమైనదే. నేను కాదనను. కానీ లెక్క ఒకసారి సరిచూడండి. మనం చెప్పకుండా మానేస్తే దెబ్బ తగిలేది ఎవరికి? జాయినింగ్ వాయిదా వేసిన పెద్దమనుషులకి కాదు, వాళ్ళకి మన పేరు కూడా తెలీదు. తగిలేది లింకులో ఎదురుచూసిన ఆ ఇద్దరు ఇంజనీర్లకి, వాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సిన హెచ్‌ఆర్ ఉద్యోగికి, అన్నిటికంటే ఎక్కువగా ఆ పదో మనిషికి. సంస్థ మీద కోపం సంస్థ దాకా వెళ్ళదు, మధ్యలో ఉన్న మనుషుల దగ్గరే ఆగిపోతుంది. ఎవరో చెప్పకుండా మాయమైతే ఎలా ఉంటుందో అందరికంటే బాగా తెలిసింది మనకే. ఆ తెలిసినవాళ్ళం మనమే కాబట్టి ఆపాల్సింది కూడా మనమే అంటాను.

రెండో ప్రశ్న ఇంకా గట్టిది. "ఆఫర్ ఉంది సరే, రేపు అది క్యాన్సిలైతే? బ్యాకప్ ఉంచుకోవద్దా?" దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే ముందు అసలు "ఒప్పుకోవడం" అంటే ఏంటో తేల్చుకోవాలి.

ఫోన్లో "కంగ్రాట్స్, సెలెక్టయ్యారు" అన్నారంటే అది ఆఫర్ కాదు, శుభవార్త మాత్రమే. ఆఫర్ అంటే రాతలో రావాలి. అందులో ఉద్యోగం పేరు, జీతం, ఊరు, ఎప్పుడు చేరాలో ఉండాలి. షరతులుంటే, అంటే బ్యాక్‌లాగులు ఉండకూడదు, ఇంత శాతం తగ్గకూడదు, ఇన్నేళ్ళ బాండ్ లాంటివి, అవి చదివి ఉండాలి. దానికి మనం రాతలో ఒప్పుకోవాలి, అందిందని వాళ్ళు జవాబివ్వాలి. ఈ నాలుగూ జరిగేదాకా మిగతా అప్లికేషన్లు ఏవీ కదిలించొద్దు. ఫోన్ నమ్ముకుని అన్నీ వదిలేసి, తర్వాత ఆ లెటర్ రాక తల పట్టుకున్నవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. తొందరగా చెప్పడం అంటే తొందరపడడం కాదు.

నాలుగూ అయ్యాక మిగతా ప్రతి అప్లికేషన్ గురించి మనల్ని మనం ఒక ప్రశ్న అడుక్కుంటే సరిపోతుంది: ఈ కంపెనీ రేపు పొద్దున్నే ఆఫర్ ఇస్తే వెళ్తానా? వెళ్ళను అంటే ఆ అప్లికేషన్ ఇంకా ఉంచడానికి కారణమే లేదు, ఈరోజే తీసేయాలి. వెళ్తాను అంటే సమస్య ఆ అప్లికేషన్‌ది కాదు, మొదటిదానికి ఒప్పుకోవడంలోనే తొందరపడ్డాం. సంతకం పెట్టేముందు ఇంకో రెండు రోజులు గడువు అడిగి ఉండాల్సింది. గడువు అడగడం తప్పు కాదు, చాలామంది ఇస్తారు కూడా.

అయినా భయం పూర్తిగా పోదు, 2022 చూశాక పోనక్కర్లేదు కూడా. అందుకని నేను ఒక గీత గీసుకున్నాను. పోర్టల్‌లో ఫారం నింపి వదిలేసిన అప్లికేషన్ ఉంది, దాన్ని ఇంకా ఏ మనిషీ తెరిచి చూడలేదు. జాయినింగ్ డేట్ ఖాయం అయ్యేదాకా అది అలాగే ఉంటే ఎవరికీ నష్టం లేదు. ఇంటర్వ్యూ టైము ఫిక్స్ అయిన చోట, రౌండ్లు అయి ఫలితం రావాల్సిన చోట, ఎవరో మన కోసం మాట సాయం చేసిన చోట సంగతి వేరు. అక్కడ మన పేరు ఒక కుర్చీలో కూర్చుని ఉంది. ఆ కుర్చీ ఖాళీ చేయాలి. బ్యాకప్ అంటే మనకి మనం దాచుకున్న ధైర్యం కావాలి గానీ, వేరేవాళ్ళ కుర్చీ మీద వేసిన తువ్వాలు కాకూడదు. బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి, వేరే బస్సెక్కి వెళ్ళిపోయినవాణ్ణి మనమే ఎంత తిట్టుకుంటామో గుర్తుంది కదా.

ఇప్పుడు ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. ఈసీఈ ఫైనల్ ఇయర్ అమ్మాయి ఒకామె అనుకుందాం. బెంగళూరు కంపెనీ ఒకటి బుధవారం ఆఫర్ పంపింది, ఆదివారం లోపు చెప్పమంది. ఆమె రెండు రోజులు ఆలోచించి, ఇంట్లో మాట్లాడి, శుక్రవారం ఒప్పుకుంటూ సంతకం చేసి పంపింది. శనివారం పొద్దున అందిందని జవాబొచ్చింది. ఇక ఆమెకి మిగిలినవి మూడు. హైదరాబాద్‌లో ఒక స్టార్టప్‌లో రెండు రౌండ్లు అయ్యాయి, ఆఖరి రౌండ్ మంగళవారం పదకొండింటికి. ఇంకో కంపెనీలో సీనియర్ అన్నయ్య ఒకరు రెఫర్ చేస్తే టెస్టు రాసింది, ఫలితం రాలేదు. మూడోది ఒక పెద్ద కంపెనీ పోర్టల్‌లో పెట్టిన అప్లికేషన్.

మొదట చెప్పాల్సింది ప్లేస్‌మెంట్ సెల్‌కి. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలైతే చాలా కాలేజీల్లో ఒక విద్యార్థికి ఒక ఆఫర్ అనే పద్ధతి ఉంటుంది కాబట్టి, మిగతా క్యాంపస్ లిస్టుల్లోంచి పేరు తీయడం సెల్ చూసుకుంటుంది. ఆఫ్ క్యాంపస్‌వి మాత్రం మనం తప్ప ఎవరూ చెప్పరు. ఈమె మూడూ ఆఫ్ క్యాంపస్‌వే.

మూడింటిలో ముందు స్టార్టప్, ఎందుకంటే అక్కడ గడియారం తిరుగుతోంది. శనివారం మధ్యాహ్నమే మెయిల్ పంపితే సోమవారం పొద్దున ఆఫీసు తెరవగానే చూస్తారు, మంగళవారం ఆ టైములో ఇంకొకరిని పిలవడానికి ఒక రోజు దొరుకుతుంది. ఎవరికి పంపాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఇంటర్వ్యూ సమాచారం తరచుగా ఆటోమేటిక్ మెయిల్‌గా వస్తుంది. ఆ అడ్రసులో `noreply` అని ఉంటే మనం పంపే జవాబుని ఎవరూ చదవరు. క్యాలెండర్ ఇన్వైట్ తెరిస్తే దాన్ని పంపినవాళ్ళ పేరు, మెయిల్ కనిపిస్తాయి. రాయాల్సింది ఆ మనిషికి. వీలైతే పాత మెయిల్‌కే రిప్లైగా రాయాలి, సబ్జెక్టు లైను మార్చకూడదు. అప్పుడు మనం ఎవరో, ఏ పోస్టో, ఎన్ని రౌండ్లయ్యాయో పైకి జరిపితే వాళ్ళకే కనిపిస్తుంది.

ఇన్వైట్‌లో `Decline` నొక్కేస్తే అయిపోయిందనుకోవద్దు. ఆ టైము కుదరదని మాత్రమే వాళ్ళకి అర్థమవుతుంది, ఇంకో టైము పంపుతారు.

మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది. కానీ ఏం చెబుతున్నామో సొంత భాషలో తేలితేనే ఏ భాషలోనైనా సూటిగా వస్తుంది కాబట్టి తెలుగులో రాసి చూపిస్తాను.

"నమస్తే మేడమ్,

మంగళవారం 11 గంటలకి ఉన్న ఆఖరి రౌండ్ గురించి రాస్తున్నాను. నేను వేరే ఉద్యోగానికి ఒప్పుకున్నాను కాబట్టి ట్రైనీ ఇంజనీర్ పోస్టుకి నా అప్లికేషన్ విత్‌డ్రా చేసుకుంటున్నాను, దయచేసి ఆ ఇంటర్వ్యూ రద్దు చేయండి. రెండో రౌండ్‌లో నా ప్రాజెక్టు గురించి ఓపిగ్గా అడిగి, పవర్ సప్లైలో లోపం ఎక్కడుందో చూపించిన సార్‌కి, అన్నీ టైముకి చెప్పిన మీకు కృతజ్ఞతలు. మీ టీముకి తగిన మనిషి త్వరగా దొరకాలని కోరుకుంటున్నాను."

కింద పేరు, కాలేజీ, ఫోన్ నంబరు, అప్లికేషన్ నంబరు ఉంటే అది. అంతే. మొత్తం నాలుగు వాక్యాలు.

మొదటి వాక్యం దేని గురించో చెబుతుంది. రోజుకి వంద మెయిల్స్ చూసే మనిషికి అది చాలా సాయం. ప్రాణమంతా రెండో వాక్యంలో ఉంది, అక్కడ క్రియల్ని జాగ్రత్తగా చూడండి. "ఒప్పుకున్నాను", "విత్‌డ్రా చేసుకుంటున్నాను", "రద్దు చేయండి". మూడూ తేలిపోయిన మాటలు. మనవాళ్ళు ఇక్కడ మొహమాటపడి "ఇంటర్వ్యూకి హాజరు కాలేకపోతున్నాను" అని రాస్తారు. హాజరు కాలేకపోవడం అంటే జ్వరమో, పరీక్షో అయి ఉండొచ్చు కదా. హెచ్‌ఆర్ అదే అనుకుని ఎంతో మర్యాదగా, "పర్లేదు, గురువారం పెట్టుకుందామా?" అని రాస్తారు. అప్పుడు మళ్ళీ ఇంకో మెయిల్, ఇంకాస్త మొహమాటం. మన మెయిల్ చేరిందో లేదో తెలుసుకోవడానికి ఇదే గుర్తు: జవాబులో ఇంకో తేదీ వచ్చిందంటే మనం చెప్పింది వాళ్ళకి అర్థం కాలేదు.

మూడో వాక్యం కృతజ్ఞత. "ఈ సువర్ణావకాశం కల్పించినందుకు" అని రాస్తే అది ఏ కంపెనీకైనా అతుకుతుంది, కాబట్టి ఎవరికీ తగలదు. జరిగిన ఒక్క విషయం పేరు పెట్టి చెబితే, ఆ మనిషి చేసిన పని మనకి గుర్తుందని తెలుస్తుంది. చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదనుకోండి, "మీరు వెచ్చించిన సమయానికి కృతజ్ఞతలు" చాలు, లేనిది కల్పించొద్దు. నాలుగో వాక్యం తలుపు మెల్లగా వేయడం లాంటిది. అది లేకపోయినా కొంప మునగదు, ఉంటే బాగుంటుంది.

ఏం రాయలేదో కూడా చూడండి. ఏ కంపెనీకి వెళ్తున్నామో లేదు. ఎంత జీతమో లేదు. అక్కడ మంచి టెక్నాలజీ ఉందని, ఇక్కడ లేదని లేదు. వీటిలో ఏది రాసినా మెయిల్ రంగు మారిపోతుంది. జీతం రాస్తే బేరానికి వచ్చామనుకుంటారు, "అంత మేమూ ఇస్తే?" అని ఫోన్ చేస్తారు. పోలిక రాస్తే చదివేవాళ్ళ పనిని తక్కువ చేసినట్టు అవుతుంది.

కారణాల దగ్గర మన తెలుగువాళ్ళకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉందని నాకనిపిస్తుంది. మనకి చిన్నప్పట్నుంచి "వద్దు" అని సూటిగా చెప్పడం అలవాటు లేదు. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినవాళ్ళు నచ్చలేదని అంటారా? "జాతకాలు కలవలేదండీ" అంటారు. లేదా "ఇంట్లో మాట్లాడి కబురు చేస్తాం" అని కాఫీ తాగి వెళ్తారు, ఆ కబురు ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. బడిలో నేర్చుకున్న సెలవు చీటీ సంగతీ అంతే. "నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టి, జ్వరం లేకపోయినా "జ్వరం వచ్చినందున" అని రాశాం. అంటే గౌరవం అంటే వంగి రాయడం అని, కాదనడానికి ఒక కుంటిసాకు కావాలని మన చేతికి అలవాటైపోయింది.

ఆ చేత్తోనే ఇప్పుడు మెయిల్ రాస్తాం. "నాన్నగారి ఆరోగ్యం బాలేనందున అనివార్య కారణాల వల్ల" అని మొదలవుతుంది. అవతలి మనిషి జాలిపడి, "అయ్యో, ఇంటి నుంచే పని చేయండి, మేం సర్దుబాటు చేస్తాం" అంటే? అక్కడ అబద్ధానికి ఇంకో అబద్ధం అతకాలి. పైగా రెండు నెలల తర్వాత కొత్త కంపెనీ పేరుతో మన లింక్డ్‌ఇన్ పోస్టు ఆ హెచ్‌ఆర్‌కే కనిపిస్తుంది. వేరే ఉద్యోగానికి ఒప్పుకున్నాను అన్న నిజం కంటే మర్యాదైన సాకు ఇంకోటి లేదు. ఆ కారణం వాళ్ళకి కొత్తా కాదు, అవమానమూ కాదు. నియామకాలు చేసేవాళ్ళకి ఇది రోజూ వచ్చే మాటే.

మన ఉదాహరణకి వద్దాం. సోమవారం పదిన్నర అయినా స్టార్టప్ నుంచి జవాబు రాలేదనుకోండి. చిన్న కంపెనీలో హెచ్‌ఆర్ ఒక్కరే ఉంటారు, సెలవులో ఉండొచ్చు. ఇంటర్వ్యూ రేపే కాబట్టి ఇప్పుడు ఫోన్ చేయాలి. ఫోనంటే మనకి చెమటలు పడతాయి గానీ మాట్లాడేది అర నిమిషమే.

"నమస్తే మేడమ్, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా? రేపు పదకొండింటికి ట్రైనీ ఇంజనీర్ ఆఖరి రౌండ్ నాదేనండీ. నేను వేరే చోట ఒప్పుకున్నాను, అందుకని విత్‌డ్రా చేసుకుంటున్నాను. శనివారం మెయిల్ పెట్టాను, రేపు మీవాళ్ళు ఎదురుచూడకూడదని ఫోన్ చేశాను."

ఆవిడ ఎక్కడ అని అడగొచ్చు. చెప్పాలని లేకపోతే, "జాయినయ్యాక చెప్తానండీ, ఏమీ అనుకోవద్దు" అంటే చాలు. ఎంతిస్తున్నారు అని అడిగితే, "దాని గురించి కాదు మేడమ్, మాట ఇచ్చేశాను" అనండి. ఈ రెండో జవాబులో ఉన్న బరువు మన భాషలో అందరికీ అర్థమవుతుంది. మాట ఇచ్చేశాక బేరం ఉండదు. ఒకవేళ వాళ్ళు చెప్పే అంకె వినగానే మనసు లాగితే, పైన చెప్పిన ప్రశ్న దగ్గరికే తిరిగి వెళ్ళాలి: అసలు ఒప్పుకోవడంలోనే తొందరపడ్డామా? ఆ సంగతి ఫోన్లో తేల్చొద్దు.

రెండోది రెఫరల్. ఇక్కడ వరస మారుతుంది. కంపెనీ కంటే ముందు అన్నయ్యకి చెప్పాలి, ఎందుకంటే ఆయన తన పేరు పక్కన మన పేరు రాశారు. మనం విత్‌డ్రా చేశామని ఆయనకి వాళ్ళ హెచ్‌ఆర్ నోటి నుంచి తెలిస్తే బాగుండదు. "అన్నా, నాకు వేరే చోట వచ్చింది, ఒప్పుకున్నాను. మీరు రెఫర్ చేశారు కాబట్టి ముందు మీకు చెబుతున్నా. ఈరోజే మీ హెచ్‌ఆర్‌కి కూడా మెయిల్ పెడతాను. థాంక్స్ అన్నా." ఇంతే. రెఫర్ చేసిన మనిషి చేరితే చాలా కంపెనీలు రెఫర్ చేసినవాళ్ళకి కొంత డబ్బిస్తాయి, అది పోయిందని ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నా, వచ్చే ఏడాది మన జూనియర్ అడిగితే మళ్ళీ పేరు ఇస్తారు. చెప్పకుండా మాయమైతే ఇవ్వకపోవచ్చు. అలా ఇవ్వడం మానేసిన సీనియర్లు నాకు ఇద్దరు తెలుసు. ఇద్దరూ ఒకే మాట అన్నారు: "రాకపోతే పర్లేదు, చెప్పాలిగా."

మూడోది పోర్టల్. అక్కడ మనిషి ఎవరూ ఇంకా రంగంలోకి రాలేదు కాబట్టి మెయిల్ అక్కర్లేదు. మన అప్లికేషన్ పక్కనే `Withdraw` అనో, `Withdraw Application` అనో బటన్ ఉంటే అది నొక్కితే చాలు. నొక్కే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. సాధారణంగా ఆ బటన్ ఒక పోస్టుకే వర్తిస్తుంది, అదే కంపెనీలో మూడు పోస్టులకి అప్లై చేసి ఉంటే మూడూ విడివిడిగా తీయాలి. రెండోది, చాలా చోట్ల అది వెనక్కి రాదు, మనసు మారితే అదే పోస్టుకి మళ్ళీ పెట్టడం కుదరకపోవచ్చు. జాయినింగ్ డేట్ ఇంకా ఖాయం కాలేదని భయముంటే, ముందు చెప్పుకున్న గీత ప్రకారం దీన్ని కొన్నాళ్ళు ఉంచుకోవచ్చు. కానీ అక్కడి నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన క్షణం ఆ వెసులుబాటు అయిపోతుంది. ఇంటర్వ్యూ ఫిక్సయ్యాక బటన్ ఒక్కటే నమ్ముకోకూడదు కూడా. పోర్టల్ వేరు, ఇంజనీర్ల క్యాలెండర్ వేరు. బటన్ నొక్కినా ఆ మీటింగ్ అలాగే ఉండిపోవచ్చు. అప్పుడు మెయిల్ కూడా పెట్టాలి.

మూడు పనులకి కలిపి గంట పట్టదు. గంటలో ఎక్కువ భాగం పోయేది రాయడానికి కాదు, పంపాలా వద్దా అని సెండ్ బటన్ చుట్టూ తిరగడానికి. ఒకే మెయిల్ కాపీ చేసి పంపుతున్నప్పుడు మాత్రం కంపెనీ పేరు, పోస్టు పేరు మార్చామో లేదో ఒకసారి పైకి చదువుకోండి. ఒక కంపెనీకి వెళ్ళిన కృతజ్ఞతలో ఇంకో కంపెనీ పేరుంటే అంత శ్రద్ధా నవ్వులపాలవుతుంది.

ఆలస్యమైపోతే ఏం చేయాలి? ఇంటర్వ్యూ రేపు పొద్దున్నే, ఇప్పుడు రాత్రి పదకొండు. అప్పుడూ చెప్పాల్సిందే. మెయిల్ రాత్రికే పంపి, పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేయాలి. "ముందే చెప్పాల్సింది, ఆలస్యమైంది, క్షమించండి" అని ఒక్క వాక్యం కలిపితే చాలు. ఆ క్షమాపణకి ఇక్కడ నిజంగా పని ఉంది. టైముకి చెప్పిన మెయిల్‌లో మాత్రం దాన్ని పెట్టొద్దు. తప్పు చేయనప్పుడు క్షమాపణ చెబితే చదివేవాళ్ళకి ఏదో తప్పు జరిగిందేమో అనిపిస్తుంది.

ఈ నాలుగు వాక్యాలు దేనికి పనికిరావో కూడా చెప్పాలి. ఇదంతా ఇంకా ఒప్పుకోని చోట అప్లికేషన్ వెనక్కి తీసుకోవడం గురించి. ఒప్పుకుని సంతకం పెట్టిన ఆఫర్‌ని, దానికంటే పెద్దది వచ్చిందని వదిలేయడం వేరే కథ. అక్కడ మనం ఖాళీ చేస్తున్నది ఎదురుచూసే కుర్చీ కాదు, మనకోసమే వేసిన కుర్చీ. వాళ్ళు మిగతావాళ్ళని పంపించేసి ఉంటారు. అందులో బాండ్ ఉండొచ్చు, కాలేజీ నిబంధనలుండొచ్చు. లెటర్ మళ్ళీ చదివి, ముందు ప్లేస్‌మెంట్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి మాట్లాడాల్సిన విషయం అది, హాస్టల్ మంచం మీద పడుకుని పంపే మెయిల్ కాదు. మొదటిది రోజూ జరిగే మామూలు పని, రెండోది మాట తప్పడం. రెండింటినీ ఒకే గాటన కట్టేసి, మొదటిదానికి కూడా సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా దాక్కునేవాళ్ళు చాలామంది ఉన్నారు. సిగ్గుపడాల్సింది అక్కడ ఏమీ లేదు.

మెయిల్ పంపాక ఎలాంటి జవాబు వస్తుందంటారా? ఎక్కువగా రెండు లైన్లు: "చెప్పినందుకు థాంక్స్, ఆల్ ద బెస్ట్." కొన్నిసార్లు ఏమీ రాదు. రాకపోయినా పని జరిగినట్టే, ఇంటర్వ్యూ రద్దయినట్టు క్యాలెండర్‌లో కనిపిస్తే చాలు.

ఈ సీజన్లో మా సెల్‌కి ఒకరోజు మధ్యాహ్నం ఒక కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ఒక స్లాటు ఖాళీ అయింది, రేపటికి ఇంకొకరు దొరుకుతారా అని. అవతల ఎవరో టైముకి విత్‌డ్రా చేసుకున్నారన్నమాట. లిస్టులో తర్వాతి పేరు మెకానికల్ కుర్రాడిది. ఫోన్ చేస్తే క్యాంటీన్‌లో ఉన్నాడు, ప్లేటు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఆ ఉద్యోగం వచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. ఎవరు తప్పుకుంటే తన వంతు వచ్చిందో అతనికి తెలీదు, తప్పుకున్నవాళ్ళకి అతనెవరో తెలీదు. మధ్యలో ఉన్నది నాలుగు వాక్యాలే.